ఏసీఎల్ గాయం: గాల్లోకి ఎగిరాక కాలు ఎలా దించాలి? బాస్కెట్‌బాల్, ఫుట్‌బాల్ ఆడే పిల్లల్లో కోచ్‌లు, తల్లిదండ్రులు చూడాల్సినవి ఇవే..

రీబౌండ్ కోసం ఎగిరింది. బంతి చేతికి చిక్కింది. కింద కాలు పెట్టగానే మోకాలు లోపలికి మడత పడింది.. ఠప్‌మని చప్పుడు. పక్కన ఎవరూ తగల్లేదు, ఎవరూ తోయలేదు. అయినా అమ్మాయి మోకాలు పట్టుకుని కూలబడింది. స్కూల్, కాలేజీ టోర్నమెంట్లు చూసే వాళ్లకు ఈ దృశ్యం కొత్తేమీ కాదు. మోకాలి లోపల ఉండే ఏసీఎల్ అనే లిగమెంట్ తెగితే ఆటగాళ్లు తిరిగి గ్రౌండ్‌లోకి రావడానికి తొమ్మిది నెలల నుంచి ఏడాది వరకు పడుతుంది. కొందరు అసలు తిరిగి రానే రారు. ఈ గాయాల్లో చాలా భాగం ఎదుటివాడు గుద్దడం వల్ల కాదు, తమంతట తాము దిగేటప్పుడో, ఒక్కసారిగా ఆగేటప్పుడో, దిశ మార్చేటప్పుడో జరుగుతున్నవే. అందుకే జంప్ ట్రైనింగ్‌లో ఎంత ఎత్తు ఎగిరారు అన్నదానికంటే ముందు ఎలా దిగారన్నది చూడాలి. అది ఎలా చూడాలి? తప్పు కనిపిస్తే ఎలా దిద్దాలి? ఎంతవరకు ఫలితం ఉంటుంది? వివరంగా తెలుసుకుందాం..

మోకాలి లోపల ఏం జరుగుతుంది?

తొడ ఎముక కింద, కాలి ఎముక పైన.. ఈ రెండూ కలిసే చోటే మోకాలు. కాలి ఎముక ముందుకు జారిపోకుండా, మెలి తిరిగిపోకుండా లోపలి నుంచి తాడులా పట్టి ఉంచేదే ఏసీఎల్. దూకి దిగినప్పుడు మోకాలు దాదాపు నిటారుగా ఉందనుకోండి. తొడ ముందు భాగంలో ఉండే పెద్ద కండరం ఒక్కసారిగా బిగుసుకుని కాలి ఎముకను ముందుకు లాగుతుంది. దాన్ని వెనక్కి పట్టాల్సింది తొడ వెనక కండరం, అంటే హ్యామ్‌స్ట్రింగ్. కానీ కాలు నిటారుగా ఉన్నప్పుడు దానికి పట్టు చిక్కదు. మోకాలు వంగే కొద్దీ దాని బలం పనికొస్తుంది. దీనికి తోడు మోకాలు లోపలి వైపు వాలితే, మోకాలి బయటి వైపు ఎముకలు ఒకదానిపై ఒకటి నొక్కుకుని కాలి ఎముక తిరిగిపోతుంది. ముందుకు లాగుడు, లోపలికి వాలుడు, మెలిక.. ఈ మూడూ ఒకేసారి పడితే ఆ తాడు తట్టుకోలేదు.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. బాస్కెట్‌బాల్, హ్యాండ్‌బాల్ మ్యాచ్‌ల్లో జరిగిన గాయాల వీడియోలను ఫ్రేమ్ ఫ్రేమ్‌గా విశ్లేషించిన పరిశోధకులు, పాదం నేలను తాకిన తర్వాత దాదాపు 40 మిల్లీసెకన్లలోనే లిగమెంట్ తెగుతోందని అంచనా వేశారు. అంటే సెకనులో 25వ వంతు. మోకాలు వాలుతోందని మెదడుకు తెలిసి, సరిచేసుకోవాలని కండరానికి ఆదేశం వెళ్లి, అది బిగుసుకోవడానికి అంతకు రెండు మూడు రెట్ల సమయం కావాలి. కాబట్టి "జాగ్రత్తగా దిగు" అని పక్క నుంచి అరిచి లాభం లేదు. పాదం నేలను తాకకముందే, గాల్లో ఉన్నప్పుడే మోకాలు కొద్దిగా వంగి, తుంటి చుట్టూ కండరాలు బిగిసి సిద్ధంగా ఉండాలి. ఆ సిద్ధపాటు ఆలోచిస్తే వచ్చేది కాదు, వందల సార్లు చేసి అలవాటు చేసుకోవాల్సిందే.

అమ్మాయిల్లోనే ఎందుకు ఎక్కువ?

ఒకే ఆట, ఒకే స్థాయిలో పోల్చితే బాస్కెట్‌బాల్, ఫుట్‌బాల్ ఆడే అమ్మాయిల్లో ఏసీఎల్ గాయాలు అబ్బాయిల కంటే రెండు నుంచి మూడున్నర రెట్లు ఎక్కువగా నమోదవుతున్నాయి. కారణాలు ఒకటి కాదు. అందులో మనం మార్చగలిగింది మాత్రం దిగే తీరు. చిన్నప్పుడు అబ్బాయిలు, అమ్మాయిలు దాదాపు ఒకేలా దూకి దిగుతారు. యుక్తవయసు వచ్చాక తేడా మొదలవుతుంది. ఎముకలు పొడవు పెరుగుతాయి, శరీర బరువు పెరుగుతుంది. అబ్బాయిల్లో కండబలం కూడా దానితోపాటే వేగంగా పెరుగుతుంది. అమ్మాయిల్లో ఆ వేగం ఉండదు. పొడవైన కాడకు బలహీనమైన ముడి వేసినట్టు అవుతుంది. అందుకే 12 ఏళ్ల నుంచి 16 ఏళ్ల మధ్యే ఈ శిక్షణకు సరైన సమయమని ఈ రంగంలో పనిచేసే వాళ్లు చెబుతారు. అబ్బాయిలకు అక్కర్లేదని కాదు సుమా, ఒక్కసారిగా పొడవు సాగిన పిల్లాడు ఎవరైనా కొన్నాళ్లు తన కాళ్లు తనవి కానట్టే దూకుతాడు.

2005లో అమెరికాలో హ్యూయెట్ బృందం ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్, వాలీబాల్ ఆడే 205 మంది అమ్మాయిలను సీజన్‌కు ముందు ఒక పెట్టె మీద నుంచి దూకించి కొలతలు తీసుకుంది. ఆ తర్వాత వాళ్లలో 9 మందికి ఏసీఎల్ తెగింది. ఆ తొమ్మిది మంది ముందటి కొలతలు తీసి చూస్తే, దిగేటప్పుడు వాళ్ల మోకాలు మిగతా వాళ్ల కంటే సగటున 8 డిగ్రీలు ఎక్కువగా లోపలికి వాలింది. నేల నుంచి తిరిగి తగిలే దెబ్బ కూడా వాళ్లలో 20 శాతం ఎక్కువ. దిగే తీరును కోచింగ్‌లో భాగం చేయాలన్న ఆలోచనకు ఊపు ఇచ్చింది ఈ అధ్యయనమే.

ఫోన్ ఉంటే చాలు.. పరీక్ష ఇలా

ల్యాబ్ అక్కర్లేదు. 30 సెంటీమీటర్ల ఎత్తున్న గట్టి పెట్టె కావాలి. లేదంటే స్కూల్ మెట్లు చూసుకోండి.. మామూలుగా ఒక్కో మెట్టు 15 సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది కాబట్టి కింది నుంచి రెండో మెట్టు సరిపోతుంది. పిల్ల ఎత్తులో సగం దూరం కొలిచి నేల మీద సుద్దతో గీత గీయాలి. మెట్టు మీద నుంచి ముందుకు దూకి, గీత దగ్గర రెండు కాళ్లతో దిగి, ఆగకుండా వెంటనే పైకి ఎంత ఎత్తు ఎగరగలిగితే అంత ఎగరాలి. ఇలా మూడుసార్లు. ఎలా దిగాలో ముందుగా ఏమీ చెప్పకూడదు. చెబితే ఆ మూడుసార్లు బాగానే దిగి, మ్యాచ్‌లో మళ్లీ పాత పద్ధతికే పోతారు.

ఫోన్‌ను ముందు వైపు మూడు నాలుగు మీటర్ల దూరంలో మోకాలి ఎత్తులో స్టూల్ మీద పెట్టాలి. ఇంకో ఫోన్ పక్క నుంచి. చేతిలో పట్టుకుని, పై నుంచి తీస్తే మోకాలు ఎటు వాలిందో తెలియదు. స్లో మోషన్ తప్పనిసరి. మామూలు వీడియోలో సెకనుకు 30 ఫ్రేములే, అంటే మనం చూడాల్సిన ఆ 40 మిల్లీసెకన్లు ఒకటి రెండు ఫ్రేములలో అయిపోతాయి. 240 ఫ్రేముల స్లో మోషన్ పెడితే అదే సమయానికి దాదాపు పది ఫ్రేములు దొరుకుతాయి. నిక్కరు మోకాలి పైకి ఉండాలి. మోకాలి చిప్ప మధ్యలో స్కెచ్ పెన్‌తో చుక్క పెడితే ఇంకా తేలిక.

ముందు వీడియోలో మోకాలు బాగా వంగిన క్షణం దగ్గర ఆపండి. చిప్ప మధ్య నుంచి నిటారుగా కిందికి గీత ఊహించుకోండి. అది పాదం మధ్యలో, రెండో వేలు దరిదాపుల్లో పడాలి. బొటనవేలు దాటి లోపలికి పడితే మోకాలు వాలుతున్నట్టే. రెండు పాదాలు ఒకేసారి తాకాయా, ఒకటి ముందుగా తాకిందా చూడండి. పక్క వీడియోలో పాదం నేలను తాకిన మొట్టమొదటి ఫ్రేము ముఖ్యం. అప్పటికే మోకాలు కొంత వంగి ఉందా? తర్వాత ఇంకా వంగుతూ పోయిందా, లేక కర్రలా ఆగిపోయిందా? నడుము పై భాగం కొద్దిగా ముందుకు వచ్చిందా, వెనక్కి వాలిందా? ముందుపాదం తాకి తర్వాత మడమ ఆనిందా, లేక పాదమంతా ఒకేసారి పడిందా? వీటితో పాటు చెవి కూడా పెట్టండి. ధడేల్‌మని చప్పుడొస్తే దెబ్బ మొత్తం ఎముకలూ లిగమెంట్లే మోస్తున్నాయని అర్థం.

ఒక ఉదాహరణ చూద్దాం

స్కూల్ టీమ్‌లో ఆడే 14 ఏళ్ల అమ్మాయి అనుకుందాం. ఎత్తు 158 సెంటీమీటర్లు, ఏడాదిలో బాగా పొడవైంది. గీత మెట్టుకు 79 సెంటీమీటర్ల దూరంలో పడుతుంది. మూడు జంప్‌లలోనూ ఎడమ మోకాలి గీత బొటనవేలు లోపలికి పడింది. కుడిది ఫర్వాలేదు. పక్క వీడియోలో మోకాలు దాదాపు నిటారుగా తాకుతోంది, చప్పుడు గట్టిగా ఉంది. ఇక్కడితో ఆగి "మోకాలు బయటికి పెట్టు" అనడం మొదలుపెడతారు చాలామంది. అదే పొరపాటు. ముందు కారణం తెలియాలి.

ఆ అమ్మాయిని ఎడమ కాలి మీద నిలబెట్టి నెమ్మదిగా సగం వరకు గుంజీ తీయించాలి. అంత నెమ్మదిగా చేసినా మోకాలు లోపలికే పోతుంటే, తుంటి పక్క కండరాలకు బలం చాలడం లేదని అనుమానించాలి. నెమ్మదిగా చేసినప్పుడు నిటారుగానే ఉండి, దూకినప్పుడు మాత్రమే వాలుతుంటే బలం ఉంది, సమయానికి వాడుకోవడం రాలేదు. ఇంకొకటి చీలమండ. గోడకు ఎదురుగా నిలబడి, మడమ లేవకుండా మోకాలితో గోడను తాకమనండి. బొటనవేలు, గోడ మధ్య దూరాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ పోవాలి. ఒక కాలు 10 సెంటీమీటర్ల దగ్గర తాకుతూ, ఇంకోటి 5 దగ్గరే ఆగిపోతే ఆ వైపు పిక్క, చీలమండ బిగుసుకుపోయాయని అర్థం. చీలమండ వంగకపోతే పాదం బయటికి తిరుగుతుంది, దాంతో మోకాలు లోపలికి పడుతుంది. ఇలాంటప్పుడు మోకాలికి ఎన్ని సలహాలు చెప్పినా దండగే.. పిక్క సాగదీయడంతో మొదలుపెట్టాలి.

మన అమ్మాయికి చీలమండలు రెండూ బాగున్నాయి, ఒంటికాలి గుంజీలో మాత్రం ఎడమ మోకాలు వణుకుతూ లోపలికి పోయింది. కాబట్టి మొదటి రెండు వారాలు దూకుడు తక్కువ, బలం ఎక్కువ. వెల్లకిలా పడుకుని ఒక కాలిపై నడుము లేపడం, అద్దం ముందు ఒంటికాలి గుంజీలు, పక్కకు తిరిగి మోచేతిపై నిలబడే ప్లాంక్. జంప్‌లు ఉన్నచోటే, చిన్నగా.. దిగాక మూడు సెకన్లు బొమ్మలా ఆగాలి. ఎనిమిదేసి చొప్పున రెండు విడతలు చాలు. ఆగలేక అడుగు వేస్తే ఆ జంప్ లెక్కలోకి రాదు.

మూడు, నాలుగు వారాల్లో ముందుకు, పక్కలకు దూకి ఆగడం. ఒక మెట్టు మీద నుంచి దిగడం, అది శుభ్రంగా వస్తే రెండో మెట్టు. ఐదో వారం నుంచి ఒంటికాలి దూకుడు. తొక్కుడుబిళ్ల ఆడిన పిల్లలకు ఇది కొత్త కాదు, కాకపోతే ఇక్కడ ప్రతి దిగుడు తర్వాత ఆగాలి. ఎడమ కాలితో రెండు విడతలు ఎక్కువ. ఆరో వారానికి గాల్లో పావు తిరుగుడు తిరిగి దిగడం. చివరి రెండు వారాలు అసలైన పరీక్ష. గాల్లో ఉండగా పాస్ అందుకోవడం, ఎగిరినప్పుడు కోచ్ కుషన్‌తో భుజాన్ని మెల్లగా తోయడం, దిగిన వెంటనే డిఫెండర్ వైపు రెండడుగులు వేయడం. మ్యాచ్‌లో ఎవరూ తమ మోకాలి గురించి ఆలోచిస్తూ దిగరు. బంతి మీదే కళ్లుంటాయి. ఖాళీ గ్రౌండ్‌లో అద్దం ముందు చక్కగా దిగి, బంతి చేతికి రాగానే పాత తీరుకు పోయే పిల్లలే ఎక్కువ. అందుకే ఈ దశను వదిలేస్తే ముందు చేసినదంతా సగం వృథా.

వారానికి రెండు మూడు సార్లు, వార్మప్‌లో 15 నుంచి 20 నిమిషాలు. ఒక రోజుకు 50, 60 దిగుళ్లు మించకుండా చూసుకుంటే మంచిది. అలసిపోయాక మోకాలు వాలడం మళ్లీ మొదలవుతుంది. వరుసగా మూడు జంప్‌లు చెడితే ఆ రోజుకు ఒక మెట్టు వెనక్కి వెళ్లడమే. సిమెంట్ కోర్టే ఉంటే మొదటి వారాలు చదునైన మట్టి నేల మీద చేయించడం నయం. గుంతల గడ్డి మాత్రం వద్దు.

ఏం చెబితే దిగుడు మారుతుంది?

"మోకాలు ఇంత వంచు, నడుము అంత పెట్టు" అని ఒకేసారి నాలుగు చెబితే పిల్లలు బిగుసుకుపోతారు. అన్నిటికంటే బాగా పనిచేసే మాట చాలా చిన్నది.. "చప్పుడు రాకుండా దిగు". తాను దిగిన చప్పుడు తానే విని తగ్గించుకోమని చెబితే నేల నుంచి వచ్చే దెబ్బ తగ్గుతుందని 2000లోనే న్యూజిలాండ్ పరిశోధకులు చూపించారు. చప్పుడు తగ్గాలంటే మోకాళ్లు, తుంటి వంగక తప్పదు, కాబట్టి మనం చెప్పకుండానే శరీరం దారి వెతుక్కుంటుంది. తుంటి వెనక్కి వెళ్లడం లేదనిపిస్తే "వెనక కుర్చీ ఉందనుకో" అంటే చాలు. మోకాలు వాలుతుంటే ఎదురుగా నేల మీద రెండు చుక్కలు గీసి "మోకాళ్లు వాటి వైపే చూడాలి" అనొచ్చు. ఒక రోజుకు ఒక మాటే. వీడియోను పిల్లలకే చూపించి ఏం తప్పో వాళ్ల చేతే చెప్పించడం ఇంకా మంచిది.

పిల్లల నుంచి వచ్చే అభ్యంతరం ఒకటే ఉంటుంది. "ఇంతలా వంగితే మళ్లీ ఎగరడం లేటవుతుంది సార్". అందులో నిజం ఉంది. మూడు సెకన్లు ఆగే దిగుడు నేర్చుకోవడానికే, మ్యాచ్ కోసం కాదు. మ్యాచ్‌లో వంపు తక్కువున్నా ఫర్వాలేదు, మోకాలు లోపలికి పోకూడదు, కర్రలా తాకకూడదు. ఇంకో అతి కూడా ఉంది.. ముని వేళ్ల మీదే దిగి మడమ ఆననివ్వరు కొందరు. చప్పుడు రాదు కానీ బరువంతా ముందుకు పడి తొడ ముందు కండరమే పనిచేస్తుంది. ముందుపాదం తాకి, మడమ మెల్లగా ఆనాలి.

ఫలితం ఎంత? హద్దులు ఏంటి?

దీనికి గట్టి రుజువుల్లో ఒకటి స్వీడన్ నుంచి వచ్చింది. 2009 సీజన్‌లో 12 నుంచి 17 ఏళ్ల మధ్య ఫుట్‌బాల్ ఆడే 4,564 మంది అమ్మాయిలను క్లబ్‌ల వారీగా రెండు వర్గాలు చేశారు. ఒక వర్గం వారానికి రెండుసార్లు 15 నిమిషాల వార్మప్ చేసింది. అందులో ఉన్నవి ఆరే వ్యాయామాలు.. ఒంటికాలి గుంజీ, నడుము లేపడం, రెండు కాళ్ల గుంజీ, ప్లాంక్, లంజ్, దూకి దిగడం. వీళ్లలో 7 మందికి ఏసీఎల్ గాయమైతే, మామూలుగా ప్రాక్టీస్ చేసిన వర్గంలో 14 మందికి అయింది. ఆడిన గంటలు వగైరా లెక్కలోకి తీసుకుంటే 64 శాతం తగ్గుదల. వారానికి కనీసం ఒక్కసారైనా క్రమం తప్పకుండా చేసిన వాళ్లలో తగ్గుదల ఇంకా ఎక్కువ. ఖరీదైన పరికరం ఏదీ వాడలేదు. అయితే మొత్తం గాయాలు 21 మాత్రమే. అందుకే శాతం చూసి గాయమే రాదనుకోకూడదు. పైగా ఆ ఆరింటిలో దూకుడు ఒకటే, మిగతావి బలానికి, అదుపుకు సంబంధించినవి. దిగడం ఒక్కటే నేర్పి మిగతావి వదిలేస్తే ఇదే ఫలితం వస్తుందని చెప్పలేం. ఫిఫా 11+ వార్మప్ కూడా ఇలాంటిదే. 20 నిమిషాల్లో పరుగు, బలం, బ్యాలెన్స్, జంప్‌లు అన్నీ కలిసి ఉంటాయి.

ఇంకో హద్దు పరీక్షది. ఫోన్ వీడియోలో మోకాలు వాలిందని ఆ పిల్లకు గాయం ఖాయమని చెప్పేయకూడదు. పైన చెప్పిన మెట్టు పరీక్షకు 17 అంశాల మార్కుల పద్ధతి ఒకటి ఉంది. మార్కులు పెరిగితే దిగుడు బాగోలేదని. 2015లో 829 మంది యువ ఫుట్‌బాల్ ఆటగాళ్లపై ఇది చేశారు. గాయపడింది 7 మంది, వాళ్లలో ఒక్కరు తప్ప అందరికీ 5 లేదా అంతకంటే ఎక్కువ మార్కులే. కానీ గాయపడని వాళ్లలోనూ మూడో వంతుకు పైగా అదే కోవలో ఉన్నారు. అంటే అన్ని మార్కులు వచ్చిన ప్రతి వంద మందిలో గాయపడింది ఇద్దరే. నార్వేలో 700 మందికి పైగా అగ్రశ్రేణి మహిళా హ్యాండ్‌బాల్, ఫుట్‌బాల్ ఆటగాళ్లను ఇలాగే దూకించి చూస్తే, ఎవరికి గాయమవుతుందో ఆ పరీక్ష చెప్పలేకపోయింది. కాబట్టి పరీక్షతో "ప్రమాదం ఉన్న పిల్లలను" ఏరి, వాళ్లకే శిక్షణ ఇద్దామనే ఆలోచన పనికిరాదు. వార్మప్ టీమ్ మొత్తానికీ చేయించాలి. వీడియో పనికొచ్చేది ఎవరికి ఏం దిద్దాలో తెలుసుకోవడానికి, రెండు నెలల తర్వాత మారిందో లేదో పోల్చుకోవడానికి.

ఎక్కువ చోట్ల ఇది దెబ్బతినేది ఇంకో దగ్గర. సీజన్‌కు ముందు నెల రోజులు శ్రద్ధగా చేయిస్తారు. మ్యాచ్‌లు మొదలయ్యాక టైమ్ లేదని ఆపేస్తారు. స్వీడన్ అమ్మాయిలు సీజన్ పొడవునా చేశారన్నది మరిచిపోకూడదు. మ్యాచ్‌లున్న వారంలో 15 నిమిషాలు కుదరకపోతే పది నిమిషాలైనా, పరుగుకు బదులుగా వార్మప్‌లోనే కలిపేయడం మేలు.

ఎప్పుడు ఆపాలి?

పెరిగే వయసులో మోకాలి చిప్పకు కింద, కాలి ఎముక ముందు భాగంలో బుడిపెలా ఉబ్బి నొక్కితే నొప్పి వస్తుంటే జంప్‌లు తగ్గించాలి. అది ఎదిగే ఎముకపై పడే లాగుడు వల్ల వచ్చే నొప్పి, ఓర్చుకుని దూకితే ముదురుతుంది. దూకిన మర్నాడు మోకాలు వాచి ఉంటే ఆ వారం జంప్‌లు లేనట్టే. ఇక దిగగానే ఠప్‌మన్న చప్పుడు వినిపించి, కొన్ని గంటల్లోనే మోకాలు బాగా వాచిపోయి, అడుగేస్తే మోకాలు జారిపోతున్నట్టు అనిపిస్తే మర్దనలు, కట్లు కట్టించడం చేయొద్దు. నొప్పి తగ్గింది కదా అని వారం తర్వాత మళ్లీ ఆడించొద్దు కూడా. ఏసీఎల్ తెగినా కొద్ది రోజులకు వాపు దిగి మామూలుగా నడవగలుగుతారు, అలా ఆడినప్పుడే మోకాలి లోపలి మెత్తటి గిన్నె, అంటే మెనిస్కస్ కూడా చిరుగుతుంది. ఎముకల డాక్టర్‌కు చూపించి, ఆయన చెబితే ఎంఆర్ఐ తీయించుకోవాలి. ఇంకా ఎదుగుతున్న పిల్లలైతే ఆ విషయం డాక్టర్‌కు ప్రత్యేకంగా చెప్పాలి. మోకాలి దగ్గరి ఎదుగుదల పొరలు మూసుకోకముందు ఆపరేషన్ చేసే పద్ధతి పెద్దవాళ్లకు చేసే దానికంటే వేరుగా ఉంటుంది.